గురువారం 11 గంటల పని శనివారానికి జరిగితే

దీపావళికి ముందు వారం, బుధవారం సాయంత్రం ఆరింటికి మా ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు. "సార్, రేపు రాలేను. ఊళ్లో పని పడింది. శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చేస్తా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. మూడు ముక్కల్లో అతని షెడ్యూలు మారిపోయింది. ఇక మార్చుకోవలసింది నా షెడ్యూలు.

నేను ఇళ్లకు ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. మర్నాడు గురువారం 11 గంటలకు మియాపూర్‌లో ఒక ఫ్లాటు దగ్గరికి క్లయింటు వస్తానన్నారు. వంటగదిలో గ్రానైట్ బండ వేయడం అయింది, టైల్స్ ఇంకా అంటించలేదు. మిక్సీకి, ఫ్రిజ్‌కి, చిమ్నీకి పాయింట్లు ఎక్కడ రావాలో గోడమీద గీసి చూపించి, ఆవిడ సరే అంటే గాడి కొట్టాలి. ఎలక్ట్రీషియన్ లేకుండా ఆవిడ వస్తే ఇద్దరం గోడ చూసి తిరిగి రావడమే.

ఆ ఒక్క ఫోన్ వల్ల నేను ముగ్గురికి కబురు పెట్టాల్సి వచ్చింది. మొదట క్లయింటుకు. తర్వాత మా ఆఫీసులో కొటేషన్లు చూసే సహోద్యోగికి, ఎందుకంటే శుక్రవారం 4 గంటలకు అతనితో కూర్చోవాల్సిన టైము ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌కి పోయింది. చివరికి ఒక స్నేహితుడికి. అతని సంగతి అప్పటికి నాకే తెలియదు. ముగ్గురికీ చెప్పాల్సింది ఒక్కటే, అనుకున్న టైముకి కుదరదు అని. కానీ ఒకరికి రాసిన మెసేజ్ ఇంకొకరికి పంపి ఉంటే మూడు చోట్లా చెడేది.

క్లయింటుకు మొదట నా వేళ్లు వాటంతటవే కొట్టిన మెసేజ్ ఇది:

"నమస్తే మేడమ్. అనివార్య కారణాల వల్ల రేపటి సైట్ విజిట్ వాయిదా వేయడమైనది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ వీలు చూసుకుని తెలియజేయగలరు."

పంపబోయి ఆగాను. ఇది బస్టాండులో అంటించే నోటీసులా ఉంది. "వేయడమైనది" అంటే ఎవరు వేశారు? నేనే కదా. "చింతిస్తున్నాము" అన్న ఆ "ము" ఎవరు? మా ఆఫీసులో ఉన్నదే ముగ్గురం. గౌరవంగా రాయాలనుకోగానే మనలో చాలామందికి సర్కారు కాగితం భాష వచ్చేస్తుంది. "దయచేసి" కూడా అంతే. ఆ మాట చదవగానే నాకు రైల్వే ప్లాట్‌ఫారం మీద అనౌన్సుమెంటు వినబడుతుంది. తెలుగులో మర్యాద విడిగా తెచ్చి అతికించే మాటల్లో కన్నా క్రియాపదం చివర ఎక్కువగా ఉంటుంది. "రండి"కీ "వస్తారా"కీ "రావడానికి కుదురుతుందా అండీ"కీ మధ్య ఉన్న దూరమంతా అక్కడే ఉంది.

ఆ "కుదరడం" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం, ఎందుకంటే అపాయింట్‌మెంటు మెసేజ్‌లన్నీ దాని మీదే నడుస్తాయి. "నేను రాను" అంటే నిర్ణయం నాది. "నాకు కుదరదు" అంటే నేను వద్దామనే అనుకున్నాను, పరిస్థితే అడ్డొచ్చింది. కుదరడం, వీలవడం, వీలుపడకపోవడం, వీటిలో మనిషి కర్తగా ఉండడు. పక్కకు జరిగి "నాకు" అయిపోతాడు. అందుకే "శుక్రవారం వస్తారా?" కన్నా "శుక్రవారం కుదురుతుందా?" అని అడిగితే ఎదుటివాళ్లకు కాదనడం తేలిక. మర్యాద మీద భాషాశాస్త్రంలో అందరూ చెప్పుకునే పుస్తకం ఒకటుంది, పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ రాసినది, 1987లో విడిగా పుస్తకంగా వచ్చింది. ఎదుటివాడి మీద మోపే భారం ఎంత, అతనికీ మనకీ ఉన్న దూరం ఎంత, ఇద్దరిలో ఎవరిది పైచేయి అన్న మూడింటిని బట్టి మాట తీరు మారుతుందని వాళ్ల వాదన. వాళ్లు ప్రధానంగా ఆధారం చేసుకున్న మూడు భాషల్లో ఒకటి మన పక్కింటి తమిళం. ఆ పుస్తకం చూడకపోయినా మన పెద్దవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. ఫోన్ చేతికొచ్చాక మనమే మరిచిపోతున్నాం.

మళ్లీ మేడమ్ గారి మెసేజ్ దగ్గరికి వస్తాను. అందులో అసలు తప్పు నోటీసు భాష కూడా కాదు, చివరి వాక్యం. "మీ వీలు చూసుకుని తెలియజేయగలరు." వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. కానీ చేసిందేమిటి? టైము మార్చింది నేను, కొత్త టైము వెతికే పని ఆవిడ నెత్తిన పెట్టాను. ఆవిడ "ఎల్లుండి ఎలా ఉంటుంది?" అని అడగాలి, నేను "ఎన్నింటికండీ?" అనాలి, ఆవిడ "సాయంత్రం" అనాలి, నేను "సాయంత్రమంటే?" అనాలి. ఇలా ఏడెనిమిది మెసేజ్‌లు నడిచాక గానీ ఒక టైము తేలదు. డబ్బిచ్చే మనిషితో మాట్లాడేటప్పుడు గౌరవమంటే ఆ వెతుకులాట మనం చేసిపెట్టడం. కుదిరే టైములు రెండు చూసి ముందు పెడితే, ఆవిడ ఒకటి ఏరుకుంటే చాలు. మూడు దాటితే మళ్లీ పనే. ఈ మధ్య కొందరు క్యాలెండ్లీ లాంటి బుకింగ్ లింకు ఒకటి పంపి ఊరుకుంటున్నారు. టైము మార్చింది మనమైనప్పుడు ఉత్త లింకు పంపడమూ "మీ వీలు చూసుకోండి" కిందికే వస్తుంది.

సరే, నేను నోటీసు చెరిపేసి, ఎలక్ట్రీషియన్ సంగతి రాసి, "శుక్రవారం 11 గంటలకు పెట్టుకుందామా మేడమ్?" అని పంపాను. పావుగంటకు జవాబొచ్చింది. "చూస్తానండి."

తెలుగువాళ్ల "చూస్తానండి"ని చదవడం ఒక విద్య. వెంటనే "సరేనండి" రాలేదంటే, "ఆ టైముకి వేరే పని ఉంది" అనీ రాలేదంటే, ఏదో అభ్యంతరం ఉంది, అది బయటికి చెప్పేది కాదు. గోడమీద క్యాలెండరు చూశాను. శుక్రవారం 10:30 నుంచి 12 వరకు రాహుకాలం. వైరింగు పాయింట్లు గీయడానికి రాహుకాలమేమిటని మీరనొచ్చు, నేనూ మనసులో అనుకున్నాను. కానీ ఆ ఇంట్లో గ్రానైట్ బండ దించడానికి కూడా ఆవిడ మంచి టైము చూసుకున్నారు. నాకు గుర్తుండాల్సింది. మనకు పట్టింపు ఉందా లేదా అన్నది వేరే సంగతి. ఫలానా క్లయింటుకు మంగళవారం 3 నుంచి 4:30, శుక్రవారం 10:30 నుంచి 12, శనివారం 9 నుంచి 10:30 ఇవ్వకూడదని రాసి పెట్టుకుంటే ఇలాంటి "చూస్తానండి"లు రావు. "రాహుకాలమని వద్దంటున్నారా?" అని అడగడం మాత్రం పనికిరాదు. ఆవిడ చెప్పకుండా దాచుకున్నదాన్ని మనం బయటపెట్టి, పైగా సంజాయిషీ అడిగినట్టవుతుంది. టైము మార్చి ఊరుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. ఆవిడ భర్త డల్లాస్‌లో ఉంటారు, ఇలాంటివన్నీ వీడియో కాల్‌లో చూస్తారు. అక్టోబరులో మనకూ డల్లాస్‌కూ పదిన్నర గంటల తేడా. చివరికి వెళ్లిన మెసేజ్ ఇది:

"మేడమ్, శుక్రవారం 11 అన్నది నేను సరిగ్గా చూసుకోక చెప్పాను, వదిలేయండి. ఈ రెండింటిలో మీకు ఏది వీలవుతుందో చెప్పండి. ఒకటి, శుక్రవారం 17వ తేదీ సాయంత్రం 5 గంటలు. డల్లాస్‌లో సర్‌కి అప్పుడు శుక్రవారం ఉదయం 6:30. రెండోది, శనివారం 18వ తేదీ ఉదయం 8 గంటలు. డల్లాస్‌లో శుక్రవారం రాత్రి 9:30. గంటలోపు అయిపోతుంది. రేపు మధ్యాహ్నం లోపు చెబితే ఎలక్ట్రీషియన్‌కి ఆ టైము ఖాయం చేస్తాను. రెండూ కుదరకపోతే మీరే ఒక టైము చెప్పండి, నేను సర్దుకుంటాను. టైల్స్ పని సోమవారం మొదలుపెట్టాలనుకున్నాం కదా, అందులో మార్పు ఉండదు."

ఇందులో క్షమాపణ లేదు, ఎందుకంటే ముందు మెసేజ్‌లో ఒకసారి చెప్పాను. రెండోసారి చెబితే క్లయింటుకు ఓదార్చే పని తగులుతుంది. "పర్వాలేదండి, అవుతుంటాయి" అని ఆవిడ రాయాలి. కారణం కూడా ఒక్క వాక్యమే. ఎలక్ట్రీషియన్ ఊరెందుకు వెళ్లాడో, పండగ ముందు పనివాళ్లు ఎలా దొరకరో రాసుకుంటూ పోతే ఆవిడకు నా ఆఫీసు తీరు మీద అనుమానం మొదలవుతుంది. నిజానికి క్లయింటుకు కావాల్సింది మెసేజ్ చివరి వాక్యంలో ఉంది. ఈ మార్పు వల్ల తన ఇల్లు ఎన్ని రోజులు వెనకబడుతుంది? వెనకబడదు. ఆ మాట రాయకపోతే మిగతా మర్యాదంతా దండగ.

వారమూ తేదీ రెండూ ఎందుకు రాశానంటే "రేపు" అన్న మాట డల్లాస్ దాకా వెళ్లేసరికి మారిపోతుంది. మన శనివారం ఉదయం వాళ్ల శుక్రవారం రాత్రి. "ముందుకు జరుపుదాం" అన్న మాట అయితే ఊళ్లోనే కొంప ముంచుతుంది. మీటింగ్ ముందుకు జరిపాం అంటే సగంమంది ఇంకా తొందరగా అనుకుంటారు, సగంమంది తర్వాతికి అనుకుంటారు. "వెనక్కి" అన్నా ఇదే గొడవ. "వచ్చే శుక్రవారం" కూడా ఇద్దరికి రెండు శుక్రవారాలు. ఇవన్నీ స్నేహితుడితో అయితే "ఏ శుక్రవారంరా?" అని ఒక్క కేకతో తేలిపోతాయి. క్లయింటు అడగరు. తమకు అర్థమైన రోజున వచ్చి తాళం వేసి ఉన్న ఫ్లాటు ముందు నిలబడతారు. అమెరికా వాళ్లతో ఇంకోటి గుర్తుంచుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ చాలా చోట్ల గడియారం గంట వెనక్కి తిప్పుతారు. డల్లాస్‌కి తేడా పదకొండున్నర గంటలవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ పదిన్నరకు వస్తుంది. అక్టోబరులో "ప్రతి శనివారం 8కి" అని ఖాయం చేసుకున్న కాల్‌కి నవంబరులో ఒకరు గంట తేడాతో వచ్చేది అందుకే. గూగుల్ క్యాలెండర్‌లో ఇన్విటేషన్ పంపితే ఎవరి ఫోన్లో వాళ్ల ఊరి టైమే కనిపిస్తుంది కాబట్టి నేను మాట ఖాయమయ్యాక అదీ పంపుతాను. కానీ మాట ఖాయమయ్యాకే. అడగకుండా ఇన్విటేషన్ పంపితే సమన్లు అందినట్టుంటుంది.

ఆవిడ శనివారం 8 ఎంచుకున్నారు. "సరేనండి, సర్‌కి కూడా అదే బాగుంటుంది" అని రాత్రి తొమ్మిదింటికి జవాబు.

ఇక ఎలక్ట్రీషియన్ శుక్రవారం 4కే ఫ్లాటుకు వచ్చి, ముందుగా సుద్దతో గీసి పెట్టుకోవాలి. అప్పుడు శనివారం గంటలో పని తేలుతుంది. ఆ నాలుగు గంటల టైమే సహోద్యోగిది. వేరే ఫ్లాటు కొటేషన్ ఇద్దరం కూర్చుని తేల్చాలి, సోమవారం మధ్యాహ్నం పంపాలి. అతను నాకన్నా ఐదారేళ్లు పెద్ద, హోదాలో సమానం. నేను "అన్నా" అంటాను, "నువ్వు" అంటాను. మన దగ్గర పెద్దరికం, చనువు ఇలా ఒకే మాటలో కలిసుంటాయి.

సహోద్యోగులతో మనం చేసే పెద్ద తప్పు మర్యాద తక్కువవడం కాదు, సమాచారం తక్కువవడం. "అన్నా, ఫ్రీనా?" అని పంపుతాం. అంతే, ఇంకేం రాయం. ఇది నాకు వచ్చినప్పుడల్లా ఏం జవాబు చెప్పాలో తెలియదు. ఫ్రీ అంటే ఏ పని మీద పడుతుందో తెలియదు, కాదంటే అబద్ధం. ఎందుకో చెప్పకుండా నా టైము ముందే రాయించుకుంటున్నట్టుంటుంది. "హాయ్" అని పంపి, నీలం టిక్కులు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత విషయం రాసేవాళ్లదీ ఇదే కోవ. క్లయింటుకు రాసినట్టు రాయడం ఇంకో తప్పు. "మీకు వీలైతే కొటేషన్ మీటింగు టైము మార్చగలరా సర్" అని నేను రాస్తే అతను ముందు నా మొహం చూస్తాడు, ఏం జరిగిందిరా అని. రోజూ నువ్వు అనే మనిషి ఉన్నట్టుండి మీరు అన్నాడంటే కోపం వచ్చిందనే మనకు అర్థం.

నేను పంపింది ఇది:

"అన్నా, శుక్రవారం 4కి మనం అనుకున్న కొటేషన్ మీటింగ్ నాకు కుదరడం లేదు. మియాపూర్ ఫ్లాటుకి ఎలక్ట్రీషియన్ అప్పుడే వస్తానంటున్నాడు. అదే రోజు పొద్దున 11కి కూర్చుందామా? ప్లైవుడ్ రేట్లు అప్పటికి నీ చేతికి రావంటే చెప్పు, సోమవారం 9కి పెట్టుకుందాం. కాకపోతే సోమవారం 12కల్లా పంపాలి, మూడు గంటలే ఉంటాయి. ఎలా అయితే బాగుంటుందంటావు?"

క్లయింటుకు దాచినవి ఇక్కడ విప్పి చెప్పాను. ఎలక్ట్రీషియన్ గొడవ, ఏ ఫ్లాటు, సోమవారానికి పోతే ఎంత ఇరుకో అన్నీ ఉన్నాయి. క్లయింటు ముందు నేను ఫలితం పెట్టాలి, సహోద్యోగి ముందు లెక్క పెట్టాలి. అతనికి నా అవస్థ మీద జాలి అక్కర్లేదు. ఏ టైము పెట్టుకుంటే ఏ పని ఆగుతుందో తెలిస్తే అతనే సరైన టైము చెబుతాడు. అతను చెప్పాడు కూడా. "శుక్రవారం 11కి రేట్లు రావు. ఈ రాత్రి పోయిన నెల రేట్లతో షీట్ వేసి పెడతా. శుక్రవారం 11కి దాని మీద కూర్చుందాం, సోమవారం రేట్లు మారిస్తే చాలు." నాకు తట్టని మూడో దారి అది. "వీలైతే మార్చగలరా" అని అడిగి ఉంటే "సరే" అని మాత్రమే వచ్చేది.

ఒక చిన్న పట్టింపు నాకుంది. ఒకే మనిషి టైము మార్చాలంటే ఆఫీసు గ్రూపులో రాయను, విడిగానే రాస్తాను. గ్రూపులో పదిమంది చూస్తుండగా అడిగితే అతను కాదనలేడు. ఇక రాత్రి పదకొండింటికి గుర్తొచ్చిన మార్పును అప్పుడే పంపను. పొద్దున చూసుకుంటాడులే అని మనం పంపుతాం, అతను మంచం మీదే చూసి జవాబు రాస్తాడు. ఈమెయిల్ అయితే జీమెయిల్‌లో ఉదయం తొమ్మిదికి వెళ్లేలా టైము పెట్టి పడుకోవచ్చు. వాట్సాప్‌కైతే నేను కాగితం మీద రాసి పెట్టుకుంటాను. మా ఇంట్లో దానికి నవ్వుతారు.

ఇద్దరూ సర్దుకున్నారని గురువారం రాత్రి హాయిగా భోంచేస్తుంటే ఫోన్ మోగింది. "ఒరేయ్, శనివారం ఏ చొక్కా వేసుకోమంటావు?"

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. శనివారం వాడి పెళ్లిచూపులు, నల్గొండలో. తొమ్మిదికి రాహుకాలం మొదలవుతుంది కాబట్టి ఎనిమిదిన్నరకే వాళ్లింటి నుంచి కారులో బయల్దేరాలని వాళ్లమ్మ పట్టు. నేను తోడు వెళ్లాలి. ఇరవై రోజుల కిందట మాట ఇచ్చాను. బుధవారం రాత్రి ఫోన్లో క్యాలెండర్ తెరిచి, శనివారం ఉదయం ఖాళీ అని చూసుకుని మేడమ్‌కి 8 గంటలు ఇచ్చేశాను. ఖాళీగా ఎందుకుందంటే స్నేహితుల పనులు నేను క్యాలెండర్‌లో ఎక్కించను. గుర్తుంటాయిలే అనుకుంటాను. క్లయింటు టైము రాసి ఉంటుంది, ఆఫీసు టైము రాసి ఉంటుంది, స్నేహితుడి టైము ఎక్కడా రాసి ఉండదు. అందుకే ఎప్పుడు ఏది జరపాల్సి వచ్చినా ముందు కోతపడేది దానికే.

ఆ ఫోన్లో అప్పటికేదో నసిగి పెట్టేశాను. మెసేజ్ రాద్దామని కూర్చున్నాను. మొదట రాసుకున్నది: "సారీ రా, శనివారం అర్జెంటుగా క్లయింట్ మీటింగ్ పడింది. ఏమనుకోకు." చదువుకుంటే సిగ్గేసింది. మీటింగ్ ఎక్కడి నుంచో వచ్చి పడలేదు, నేను పెట్టిందే. క్లయింటుకు "ఎలక్ట్రీషియన్ రావడం లేదు" అని ఒక్క వాక్యం చెబితే సరిపోయింది, స్నేహితుడికి అలాంటి ఒక్క వాక్యం సాకులా వినిపిస్తుంది. వాడికి కారణం మొత్తం కావాలి. అందులో నా తప్పెంతో కూడా కావాలి. రెండోసారి రాసుకున్నది ఇంకా ఘోరం. రెండు రోజులుగా క్లయింటు మెసేజ్‌లు రాసి రాసి చేతికి అలవాటైపోయి, "నేను 12:30కి నేరుగా నల్గొండ రాగలను, లేదా సాయంత్రం 6కి మీ ఇంటికి రాగలను, ఏది వీలో చెప్పు" అని వచ్చింది. అది పంపి ఉంటే "నేను నీకు ఎప్పుడు క్లయింటునయ్యానురా?" అనేవాడు. రెండు టైములిచ్చి ఏరుకోమనడం క్లయింటుకు సౌకర్యం. స్నేహితుడికి అదే దూరం పెట్టడం. మేడమ్‌తో పనికొచ్చినదే ఇక్కడ గుచ్చుకుంటుంది.

చివరికి మెసేజ్ మానేసి ఫోన్ చేశాను. టైము మారడం వల్ల ఎదుటివాడికి ఒక గంట పోతుందంటే మెసేజ్ చాలు. వాడి మనసులో ఒక రోజు పోతుందంటే గొంతు వినబడాలి. వాడు రెండు నిమిషాలు తిట్టాడు. మా అమ్మకు నువ్వే చెప్పుకో అన్నాడు. చెప్పుకున్నాను. తర్వాత, బస్సు టైములు గట్రా వాడి దగ్గర ఉండాలని ఇది పంపాను:

"ఒరేయ్, తప్పు నాదే. చూసుకోకుండా శనివారం 8 ఇచ్చేశా. ఇప్పుడు మళ్లీ కదిపితే వాళ్లాయన అక్కడ రాత్రి పదింటిదాకా మేలుకుని కూర్చున్నదీ వృథా, టైల్స్ పనీ ఆగుతుంది. మీరు ఎనిమిదిన్నరకే బయల్దేరండి, నాకోసం ఆగొద్దు. నేను 9కి మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి బస్సెక్కుతా. పన్నెండున్నరకల్లా అక్కడుంటా. ఆ నీలం చొక్కా వేసుకో. గళ్లది మాత్రం వద్దు."

ఇందులోనూ టైములు ఉన్నాయి, కానీ ఒక్కటీ వాడిని అడగలేదు. వాడు సర్దుకోవాల్సింది ఏమీ లేకుండా, సర్దుబాటు అంతా నా కాళ్ల మీద వేసుకున్నాను. "సారీ" అన్న మాట లేదు, "తప్పు నాదే" ఉంది. మా మధ్య "సారీ" కాలు తొక్కినప్పుడు అనే మాట. ఇక చొక్కా సంగతి లేకపోతే ఆ మెసేజ్ ఒట్టి రవాణా వివరం. వాడు అసలు ఫోన్ చేసిందే దానికోసం.

ఇలా ముగ్గురూ ముగ్గురుగా ఉంటే పర్వాలేదు. స్నేహితుడే క్లయింటైనప్పుడు చూడాలి అవస్థ. చిన్నప్పటి క్లాస్‌మేట్ ఇంటికి పని చేశాను ఒకసారి. వాడికి "రేపు కుదరదురా, ఎల్లుండి చూద్దాం" అని రాశాను, స్నేహితుడే కదా అని. ఆ ఎల్లుండికి వాడు ఆఫీసుకు సెలవు పెట్టుకుని కూర్చున్నాడు. నా లెక్కలో "చూద్దాం" అంటే ఇంకా ఖాయం కాలేదని. వాడి లెక్కలో నేను మాటిచ్చానని. వారం రోజులు మాటల్లేవు. అప్పటి నుంచి అలాంటివాళ్లకు రెండు మెసేజ్‌లు పంపుతాను. ఒకదానిలో తేదీ, టైము, ఎంతసేపు, ఎవరొస్తారు అన్నది క్లయింటుకు రాసినట్టే. చనువు కోసం అందులో ఒక్క "రా" కూడా కలపను. కాసేపాగి రెండోది, "సాయంత్రం టీకి వస్తున్నా, పకోడీలు చేయించు" అని. రెండూ ఒకే మెసేజ్‌లో కలిపితే పకోడీలు మాత్రమే గుర్తుంటాయి.

శనివారం ఎనిమిదికి మేడమ్ వచ్చారు, వీడియోలో సర్ వచ్చారు. ఎలక్ట్రీషియన్ ఎనిమిదీ ఇరవైకి వచ్చాడు. మెసేజ్ ఏమీ పెట్టలేదు. మిక్సీ పాయింటు ఆరంగుళాలు పక్కకు జరగాలన్నారు సర్. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా "ఇక చాలండి" అని మేడమ్ తాళం చేతులోకి తీసుకున్నారు. నేను మెట్రో మెట్లెక్కుతుంటే ఫోన్లో ఫోటో వచ్చింది, కారు అద్దంలో వాడు. గళ్ల చొక్కా వేసుకున్నాడు.